రెండు ఆవుల పేడతో వానపాముల ఎరువు: పర్లాకిమిడి వైపు మొదటిసారి చేసేవాళ్లకు

వానపాముల ఎరువు మొదలుపెట్టినవాళ్లలో చాలామంది మొదటి నెల తిరక్కుండానే వదిలేస్తారు. ఏమైందని అడిగితే "పాములు చచ్చిపోయాయి" అంటారు, లేదా "రాత్రికి రాత్రి తొట్టి ఖాళీ అయిపోయింది" అంటారు. ఇంకాస్త వివరం అడిగితే చాలాసార్లు తేలేది ఒకటే. సాలలో ఆ పూట ఎత్తిన పచ్చి పేడను తొట్టిలో పోసి, అందులోనే పాముల్ని వదిలి ఉంటారు. అందుకే ఇక్కడ పాముల్ని వదలడానికి ముందు జరగాల్సిన పని గురించే ఎక్కువగా చెబుతాను. అది సరిగ్గా జరిగితే తర్వాతి పని సగం పాములే చూసుకుంటాయి.

లెక్క కోసం మన వైపు మామూలుగా కనిపించే ఇంటినే తీసుకుందాం. గజపతి జిల్లాలో పర్లాకిమిడి, కాశీనగరం చుట్టుపక్కల గానీ, రాయగడ జిల్లాలో గుణుపురం దగ్గర గానీ ఒక రైతు ఇల్లు. రెండు ఆవులు, కొద్దిగా వరి గడ్డి, పెరట్లో నీడ ఉన్న కాస్త స్థలం. దీనికి 6 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు, ఒకటిన్నర అడుగు ఎత్తు ఉన్న ఒక్క తొట్టి చాలు. మొదటిసారే నాలుగైదు తొట్లు కట్టకండి. ఒక తొట్టిలో ఏం జరుగుతోందో చేత్తో తెలిశాక రెండోది కట్టడం పెద్ద పని కాదు.

ఎప్పుడు, ఎక్కడ

మొదలుపెట్టడానికి మంచి కాలం కార్తీకం. వానలు తగ్గుతాయి, ఎండ ఇంకా ముదరదు. నవంబరు మొదట్లో పేడ కుప్ప వేస్తే ఆ నెలాఖరుకు పాముల్ని వదలొచ్చు, ఫిబ్రవరిలో మొదటి ఎరువు చేతికొస్తుంది. ఎండాకాలం వచ్చేసరికి పాములు బాగా పెరిగి, తొట్టి నిలదొక్కుకుని ఉంటుంది. ఏప్రిల్‌లో మొదలుపెట్టినవాళ్లకు మొదటి రోజు నుంచే వేడితో పోరాటం తప్పదు.

స్థలం మెరకగా ఉండాలి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు గజపతి జిల్లాలో నీళ్లు ఎక్కడెక్కడికి చేరాయో మనకు గుర్తే. అలాంటి వాన ఏటా రాకపోయినా, అక్టోబరు, నవంబరు తుపాన్ల నెలలే. గొయ్యి తవ్వి అందులో పాముల్ని పెంచే పద్ధతి వాన తక్కువ పడే చోట పనికొస్తుంది గానీ ఇక్కడ వద్దు. నేల మీద నాలుగు వరసలు ఇటుక పేర్చి, మట్టితో పూసినా చాలు. అడుగు కొంచెం వాలుగా ఉండి, పల్లం వైపు నీరు పోవడానికి ఒక కన్నం ఉండాలి. ఆ కన్నానికి సన్న జల్లెడ ముక్క అడ్డం పెట్టండి. పైన తాటాకు గానీ కొబ్బరాకు గానీ వేసిన పందిరి ఉండాలి. చెట్టు నీడ ఒక్కటే సరిపోదు, అది ఎండను ఆపుతుంది గానీ వానను ఆపదు.

తొట్టి చుట్టూ జానెడు వెడల్పు కాలువ తీసి సిమెంటు పూసి, అందులో ఎప్పుడూ నీళ్లు నిలిచేలా చూడండి. ఇది చీమల కోసం. తర్వాత కట్టుకుందాంలే అని వదిలేస్తే, ముందు చీమలే వచ్చి కూర్చుంటాయి.

ఏ పాములు

పొలంలో దున్నేటప్పుడు బయటపడే ఎర్రలను ఏరుకొచ్చి తొట్టిలో వేస్తే పని కాదు. అవి మట్టి తింటూ లోతుగా బొరియల్లో బతికేవి. పేడ కుప్పలో వాటికి బతుకు లేదు, వాటిని పొలంలోనే ఉండనివ్వండి. మనకు కావాల్సింది పైపైనే ఉంటూ కుళ్లుతున్న పదార్థాన్ని తినే రకం. ఇలాంటివి మన దగ్గర ముఖ్యంగా మూడు దొరుకుతాయి.

ఐసీనియా ఫెటిడా సన్నగా, రెండు నుంచి నాలుగు అంగుళాల పొడవుతో ఎర్రగా ఉంటుంది. ఒళ్లంతా ఎరుపు, లేత పసుపు చారలు ఒకదాని తర్వాత ఒకటి కనిపిస్తాయి. తోక చివర కొంచెం పసుపు. చేతిలో గట్టిగా పట్టుకుంటే పసుపు రంగు ద్రవం వదులుతుంది, దానికి ఒక రకమైన వాసన ఉంటుంది. యూడ్రిలస్ యూజీనియే దీనికంటే చాలా పెద్దది. ఎదిగినది ఆరేడు అంగుళాలు ఉంటుంది, ఊదా కలిసిన గోధుమ రంగు ఒంటి మీద నీలి మెరుపు కనిపిస్తుంది. మూడోది పెరియోనిక్స్ ఎక్స్‌కవేటస్, మన దేశపు పామే. సన్నగా, ముదురు ఊదా రంగులో ఉండి, ముట్టుకుంటే చటుక్కున మెలికలు తిరుగుతుంది.

మొదటిసారి చేసేవాళ్లు ఐసీనియాతోనే మొదలుపెట్టడం మంచిదని నా అభిప్రాయం. యూడ్రిలస్ ఎక్కువ తింటుంది, తొందరగా పెరుగుతుంది, వేడి వాతావరణం దానికి ఇష్టం. ఆ మాట నిజమే. కానీ చలి పడదు. ఆర్.ఉదయగిరి వైపు కొండ ఊళ్లలో పుష్యమాసపు రాత్రులకు అది మందగించిపోతుంది, చనిపోవచ్చు కూడా. పైగా కాస్త కదిలించినా, పరిస్థితి కాస్త మారినా తొట్టి వదిలి పోవాలని చూస్తుంది. పెరియోనిక్స్ వాన రాత్రుల్లో మూకుమ్మడిగా బయటికి పాకడంలో పేరు మోసింది. ఐసీనియా చలినీ వేడినీ కొంత ఓర్చుకుంటుంది, తడి కాస్త ఎక్కువైనా తక్కువైనా తట్టుకుంటుంది, పొరపాటు దిద్దుకునేందుకు మనకు సమయం ఇస్తుంది. దాని హద్దు ఎండాకాలమే. తొట్టి లోపల వేడి 35 డిగ్రీలు దాటితే అది నిలవదు. పల్లపు ఊళ్లలో ఒక ఏడాది అనుభవం వచ్చాక యూడ్రిలస్ పెంచుకోవచ్చు.

మన తొట్టికి 2 కిలోల పాములు చాలు. కొనేటప్పుడు ఒక విషయం గట్టిగా చూడండి. పాముల్ని పేడతో కలిపి తూస్తారు కాబట్టి, కిలో అని ఇచ్చినదాంట్లో పాములు పావు కిలో కూడా ఉండకపోవచ్చు. అమ్మేవారి ముందే 100 గ్రాములు తూయించి, ఒక గోనె మీద పరిచి లెక్కపెట్టండి. పేడ లేకుండా తూచిన పాములైతే పెద్దవీ చిన్నవీ కలిపి 100కు తగ్గకూడదు. 20 వస్తే, మిగతాది పేడ అన్నమాట. అప్పుడు ధర దాని ప్రకారం మాట్లాడుకోండి. పెద్ద పాములే ఏరి ఇమ్మని అడగకండి. లేతవీ పెద్దవీ కలిసి ఉన్న గుంపు కొత్త తొట్టికి తొందరగా అలవాటు పడుతుంది. గజపతి జిల్లా కృషి విజ్ఞాన కేంద్రం ఆర్.ఉదయగిరిలో, రాయగడ జిల్లాది గుణుపురంలో ఉన్నాయి. పాములు ఎక్కడ దొరుకుతాయో ముందు అక్కడ అడగండి. ఒడియాలో అడగాల్సి వస్తే "జియా ఖత" అంటే వాళ్లకు అర్థమవుతుంది.

పేడ మాగబెట్టడం

అసలు పని ఇదే. పాములు కొనే తేదీకి కనీసం మూడు వారాల ముందు మొదలవ్వాలి.

సాలలో రాత్రి పూట పడే పేడ ఒక్కో ఆవుకు ఏడెనిమిది కిలోలు అనుకుంటే, పది పదకొండు రోజుల్లో 160 కిలోలు కూడుతుంది. దానికి 40 కిలోల ఎండు పదార్థం కావాలి. అంటే నాలుగు పాళ్లు పేడకు ఒక పాలు ఎండుది. వరి గడ్డి అయితే నాలుగు అంగుళాల ముక్కలుగా నరకాలి. పొడుగ్గా వేస్తే చిక్కుపడి, తిరగేయడానికి చేతులు పడిపోతాయి. రాలిన మామిడాకు, పనసాకు, కంది కట్టె తునకలు, ఎండిన అరటాకులు, ఏవైనా సరే. టేకాకు, నీలగిరి ఆకు మాత్రం వద్దు, అవి మాగడానికి చాలా రోజులు పడుతుంది.

మన వైపు జీడి తోటలు ఎక్కువ కదా, జీడి సంగతి విడిగా చెప్పాలి. ఎండు జీడాకు కొద్దిగా కలపొచ్చు. జీడిపండ్లు పులిసి పుల్లటి రసం వదులుతాయి, వాటిని తొట్టిలో వేయకుండా ఈ మాగబెట్టే కుప్పలోనే కొంచెం కొంచెంగా కలపండి. జీడిగింజ పెంకు ఎక్కడా కలపకూడదు. అందులో ఉండే నూనె మన చేతి చర్మాన్నే పొక్కిస్తుంది, పాముల ఒళ్లు దానికి ఏమాత్రం ఆగదు.

ఇంకో జాగ్రత్త. పశువులకు కడుపులో పురుగుల మందు తాగించినా, గోమార్లకు ఇంజెక్షన్ వేయించినా, ఆ పశువు పేడ రెండు వారాల పాటు ఈ కుప్పలోకి తేకండి. ఆ మందులో కొంత పేడతో బయటికి వస్తుంది. పురుగుల్ని చంపేందుకు ఇచ్చిన మందు వానపాములకు మంచి చేయదు. ఆ పేడను మామూలు గత్తం కుప్పలో వేసుకోండి.

ఒక పొర ఎండుది, దాని మీద ఒక పొర పేడ, కొద్దిగా నీళ్లు. ఇలా మూడు అడుగుల ఎత్తు వచ్చేదాకా పేర్చి, గోనెలతో గానీ గడ్డితో గానీ కప్పండి. గడ్డి నీళ్లు బాగా తాగుతుంది, కాబట్టి పేర్చేటప్పుడే తడవాలి. మూడో రోజుకు కుప్ప లోపల చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతుంది. భయపడకండి, అది కావాల్సిందే. మంచి కుప్పలో 55, 60 డిగ్రీల దాకా పోతుంది. పేడలో, గడ్డిలో ఉన్న కలుపు గింజలు ఆ వేడికే చస్తాయి. వానపాములు గింజల్ని చంపలేవు. ఈ దశ దాటవేసి చేసిన ఎరువు వేస్తే మడిలో గడ్డి విపరీతంగా మొలవడానికి కారణం ఇదే.

ఏడో రోజున ఒకసారి, పద్నాలుగో రోజున ఒకసారి కుప్ప మొత్తం తిరగేయండి. బయటిది లోపలికి, లోపలిది బయటికి రావాలి. తిరగేసినప్పుడల్లా మళ్లీ కాస్త వేడెక్కుతుంది, కానీ ప్రతిసారీ ముందుకంటే తక్కువగా. ఇరవయ్యో రోజు దాటాక పరీక్ష చేయండి.

పరీక్షకు థర్మామీటర్ ఏమీ అవసరం లేదు. ఒక ఇనుప గునపం కుప్ప మధ్యలోకి దించి పది నిమిషాలు వదిలేయండి. బయటికి లాగి, లోపల ఉన్న కొసను అరచేత్తో పట్టుకోండి. వెచ్చగా తగిలితే ఇంకా కాలేదు, మరో వారం ఆగండి. చల్లగా ఉంటే, ఒక గుప్పెడు తీసి వాసన చూడండి. ముక్కుకు ఘాటుగా కొట్టకూడదు, పేడ వాసన దాదాపు పోయి ఉండాలి. గడ్డి ముక్క రెండు చేతులతో లాగితే పుటుక్కున తెగాలి.

ఇవన్నీ సరిపోయినా, పాములన్నీ ఒక్కసారి వదలకండి. ఒక పాత కుండలోనో ప్లాస్టిక్ డబ్బాలోనో ఈ పదార్థం నాలుగు అంగుళాలు వేసి, పైన పది పాములు వదిలి, తడి గుడ్డ కప్పండి. మరునాడు చూస్తే పదీ లోపల తిరుగుతూ ఉండాలి. అంచుల మీదకు పాకినా, గుంపుగా ముద్దకట్టి పైనే ఉన్నా, పాలిపోయి కదలకుండా పడి ఉన్నా కుప్ప ఇంకా సిద్ధం కాలేదు. పది పాములతో తెలిసేదాన్ని రెండు కిలోలతో తెలుసుకోవడం ఎందుకు?

పక్క పరచడం, పాముల్ని వదలడం

తొట్టి అడుగున రెండు అంగుళాలు ఇటుక ముక్కలు పరచండి. ఎక్కువైన నీరు కిందికి దిగి కన్నం నుంచి పోవడానికి ఇది. దాని మీద మూడు అంగుళాలు కొబ్బరి పీచు. పీచు దొరక్కపోతే రాత్రంతా నానబెట్టిన వరి గడ్డి. కొబ్బరి పీచు పొట్టు వాడితే రెండుసార్లు నీళ్లలో నానబెట్టి పిండి వాడండి, కొన్నిటిలో ఉప్పు ఉంటుంది. ఈ పొరే పాములకు పక్క. పైన వేడెక్కినా, తడి తేడా వచ్చినా అవి ఇందులోకి దిగి తలదాచుకుంటాయి. మట్టి పరచాల్సిన అవసరం లేదు.

దీని మీద మాగిన పదార్థం ఆరు అంగుళాల మందం వేయండి. మన తొట్టికి సుమారు 150 కిలోలు పడుతుంది. కుప్పలో మిగిలినది పారేయకండి, అదే రాబోయే వారాల మేత.

తడి చూడటం ఇలా. ఒక గుప్పెడు తీసి గట్టిగా పిండండి. వేళ్ల సందుల్లోంచి ఒకటి రెండు చుక్కలు వస్తే సరిగ్గా ఉన్నట్టు. ధారగా కారితే ఎక్కువ. చెయ్యి తెరవగానే ముద్ద విడిపోయి రాలితే తక్కువ. ఈ పరీక్ష రోజుకొకసారి చేయండి, కొన్నాళ్లకు చూడగానే తెలిసిపోతుంది.

పాముల్ని సాయంత్రం వదలండి. పైన పరిచి వదిలేస్తే చాలు, పూడ్చకండి. వెలుగు పడనివాటికి వెలుగు తగిలితే అవే కిందికి దిగుతాయి. అరగంటలో చాలావరకు కనిపించవు. దిగనివి మరుసటి ఉదయానికి కూడా పైనే ఉంటే వాటిని తీసేయండి, అవి ప్రయాణంలో దెబ్బతిన్నవి. తర్వాత తడి గోనెలు కప్పండి. మొదటి రెండు రాత్రులు పందిరి కింద ఒక చిన్న బల్బు వెలిగించి ఉంచితే కొత్త చోటు నచ్చక పాకిపోయేవి తగ్గుతాయి.

మేత ఎంత, ఎప్పుడు

అన్నీ అనుకూలంగా ఉంటే పాములు రోజుకు తమ బరువులో దాదాపు సగం తింటాయి. 2 కిలోల పాములకు రోజుకు కిలో, వారానికి 7 కిలోలు. కొత్త చోటులో మొదట అంత తినవు. మొదటి రెండు వారాలు మీరు వేయాల్సింది ఏమీ లేదు, కింద వేసిన 150 కిలోలు ఉన్నాయి. తడి చూసుకోవడమే పని.

మూడో వారం నుంచి వారానికి ఒక తట్ట, అంటే సుమారు 10 కిలోలు, కుప్పలోంచి తెచ్చి వేయండి. తొట్టి అంతటా చల్లకండి. ఒక వారం తూర్పు సగంలో, తర్వాతి వారం పడమటి సగంలో అంగుళం మందాన పరచండి. ఇలా చేస్తే రెండు లాభాలు. మేతలో ఏదైనా తేడా ఉంటే పాములు రెండో సగంలోకి తప్పుకుంటాయి. పోయిన వారం వేసింది తిన్నాయో లేదో మీకూ కళ్లతో తెలుస్తుంది.

ఇక్కడ ఒక నియమం పెట్టుకోండి. వారం గడిచింది కాబట్టి వేయడం కాదు, తిన్నాయి కాబట్టి వేయాలి. గోనె ఎత్తి, కిందటి వారం వేసిన సగంలో వేలితో గీరండి. పైన అంగుళం మందం వరకు టీ పొడిలాంటి నల్లటి గుళికలు కనిపిస్తే తినేశాయి, కొత్త తట్ట వేయొచ్చు. గడ్డి, పేడ ముక్కలు ఇంకా ముక్కలుగానే ఉంటే మరో మూడు రోజులు ఆగండి. పాములు ఆకలితో చచ్చిన తొట్టిని నేను చూడలేదు. తిండి ఎక్కువ వేసి, అది అక్కడే వేడెక్కి పాడైన తొట్లు మాత్రం చాలా చూశాను.

రెండో నెలలో వారానికి 15 కిలోలు, మూడో నెలలో 25 కిలోల దాకా పెంచొచ్చు. ఎందుకంటే ఈలోగా పిల్లలు వస్తాయి. ఐసీనియా పెట్టే గుడ్ల సంచిలోంచి మూడు నాలుగు వారాల్లో రెండు మూడు పిల్లలు బయటికి వస్తాయి, అవి ఆరు నుంచి ఎనిమిది వారాల్లో ఎదిగి తిరిగి గుడ్లు పెడతాయి. రెండు నెలలు దాటాక తొట్టిలో చెయ్యి పెడితే దారాల్లాంటి తెల్లటి పిల్లలు గుప్పెడు గుప్పెడుకీ కనిపించాలి. అవి లేకపోతే మేత పెంచకండి, తడి, వేడి సంగతి చూడండి.

వంటింటి వ్యర్థం గురించి అందరూ అడుగుతారు. కూరగాయల తొక్కలు, వాడిన టీ పొడి, అరటి తొక్కలు కొద్దిగా వేయొచ్చు, మేతలో ఐదో వంతు మించకుండా, పైన వేయకుండా లోపల కప్పి. నిమ్మ, బత్తాయి తొక్కలు, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, ఉప్పూ నూనే తగిలిన అన్నం కూరలు, చేప ముల్లు, మాంసం వద్దు. చేప కడుగు నీళ్లు కూడా వద్దు, వాటి వాసనకు పందికొక్కులు వస్తాయి.

నీళ్లు చలికాలంలో రోజు మార్చి రోజు చాలు. మార్చి నుంచి రోజూ, ఏప్రిల్, మే నెలల్లో పొద్దున సాయంత్రం గోనెల మీద చల్లాలి. లోపలికి పోయడం కంటే గోనెలు తడిగా ఉంచడం, ఇటుక గోడ బయటి వైపు తడపడం వేడిని బాగా దించుతుంది. అడుగు కన్నంలోంచి నీళ్లు కారుతుంటే దాన్ని పట్టి మొక్కలకు మందుగా పోయాలని కొందరు చూస్తారు. అలా కారుతోందంటే మీరు నీళ్లు ఎక్కువ పోస్తున్నారని అర్థం.

ఏదైనా తేడా వస్తే

సాయంత్రం గోనె ఎత్తేసరికి గోడల మీద, గోనె అడుగున పాములు గుంపులుగా పాకుతుంటే ముందు చెయ్యి లోపల పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే ఈ మధ్య వేసిన మేత సరిగ్గా మాగలేదు. ఆ మేత మొత్తం గీకి తీసేయండి, పక్కన పరిచి ఆరబెట్టి మళ్లీ కుప్పలో కలపండి. చల్లగానే ఉండి కోడిగుడ్డు కుళ్లిన వాసన వస్తే నీరు నిలిచింది. కన్నం మూసుకుపోయిందేమో చూసి, నరికిన ఎండు గడ్డి రెండు గుప్పెళ్లు వేసి చేత్తో పైపైన గుల్ల చేయండి, రెండు రోజులు నీళ్లు ఆపండి. పార వాడకండి, పాములు తెగుతాయి. ముక్కుకు ఘాటుగా, మూత్రం వాసన వస్తే పచ్చి పేడ కలిసింది.

గుండుసూది అంత తెల్లటి పురుగులు మేత మీద కమ్ముకుంటే తడి, పులుపు ఎక్కువైనట్టు. పాములకు అవి పెద్ద హాని చేయవు. వంటింటి వ్యర్థం ఆపి, కాస్త ఆరనిస్తే తగ్గుతాయి. ఎర్ర చీమలు మాత్రం తొట్టి ఎండిపోతోందని చెబుతున్నాయి. కాలువలో నీళ్లు నింపండి, తొట్టిని తడపండి. లోపల చీమల మందు ఏదీ చల్లకండి.

రాత్రి పూట పందికొక్కులు, పగలు కోళ్లు రాకుండా పైన కోడిగూటి జాలీ ఒకటి పరచాలి. కోడి ఒకసారి రుచి మరిగితే రోజూ వస్తుంది.

ఎరువు తీయడం

పాముల్ని వదిలిన 75, 80 రోజులకు తొట్టిలో సగానికి పైగా గుళికలు పేరుకుంటాయి. అప్పుడు మేత ఆపేయండి. పది రోజులు కాగానే నీళ్లు కూడా ఆపండి. నీళ్లు ఆపిన నాలుగైదు రోజులకు పైభాగం ఆరుతుంది, పాములు తడి ఉన్న కిందికి దిగుతాయి. ఉదయం ఎండ కొంచెం తగిలేలా గోనెలు తీసి గంట ఆగి, పైన రెండు అంగుళాలు మాత్రం చేత్తో గీకి తీయండి. మళ్లీ గంట ఆగి మరో రెండు అంగుళాలు. కింది నుంచి పాములు ఎక్కువగా కనిపించడం మొదలైతే అక్కడ ఆపండి.

తీసిన ఎరువును పందిరి కింద గోనె మీద చిన్న చిన్న కుప్పలుగా పోయండి. వెలుగుకి మిగిలిన పాములు కుప్ప అడుగుకు చేరి ముద్దగా అవుతాయి. పైది తీసుకుంటూ పోతే చివరికి పాముల ముద్ద ఒకటి మిగులుతుంది, దాన్ని తిరిగి తొట్టిలో వేయండి. ఇదంతా నీడలోనే, ఎండలో ఆరబెట్టకూడదు.

మొదటిసారి చేసేవాళ్లు ఎరువుతో పాటు గుడ్లు పోగొట్టుకోవడం ఎక్కువ. గుడ్ల సంచులు చిన్న నిమ్మకాయ ఆకారంలో, ఆవగింజ కంటే కొంచెం పెద్దగా, లేత పసుపు నుంచి గోధుమ రంగు దాకా ఉంటాయి. వీటిని జల్లెడ పట్టి ఏరలేం. కాబట్టి తీసిన ఎరువును సంచుల్లో కట్టేయకుండా మూడు వారాలు నీడలో, కాస్త తడిగా ఉంచండి. మధ్యలో మాగిన పేడ ముద్దలు నాలుగైదు పెట్టండి. పుట్టిన పిల్లలు ఆ ముద్దల్లో చేరతాయి. వాటిని ముద్దలతో సహా ఎత్తి తొట్టిలో వేసుకోవచ్చు. మీ రెండో తొట్టికి పాములు కొనాల్సిన పని ఉండదు.

ఆ తర్వాత 4 మిల్లీమీటర్ల కన్నాల జల్లెడ పట్టండి. పైన మిగిలిన ముతకది తిరిగి మేతలోకి పోతుంది. మనం ఈ 80 రోజుల్లో వేసిన మాగిన పదార్థం దగ్గర దగ్గర 300 కిలోలు. అందులో సగం వరకు, 140, 150 కిలోల ఎరువు వస్తుందని అనుకోవచ్చు. మంచి ఎరువుకు పేడ వాసన ఉండదు, తొలకరి వాన పడ్డ మట్టి వాసన ఉంటుంది. చేతికి అంటుకోకుండా రాలాలి, కానీ దుమ్ములా ఎగరకూడదు. పూర్తిగా ఎండితే అందులోని సూక్ష్మజీవులు చాలావరకు పోతాయి. అందుకని గాలి ఆడే గోనె సంచుల్లో నీడన ఉంచి, వారానికోసారి చిలకరించండి. పాలిథిన్ సంచిలో మూతి కట్టి ఉంచితే లోపల చెమ్మ పట్టి వాసన మారుతుంది.

కూరగాయల మడికి సెంటుకు 20 కిలోల చొప్పున వేస్తే ఈ 150 కిలోలు ఏడు సెంట్లకు వస్తాయి. వంగ, టమాటా నారు నాటేటప్పుడు గుంటలో గుప్పెడు వేసి, వేరుకు తగిలేలా మట్టి కప్పి నీళ్లు పెట్టండి. పైన చల్లి ఎండకు వదిలేయకండి. మొదటి ఎరువు ఫిబ్రవరిలో వస్తుంది కాబట్టి బెండ, కాకర, ఆనప లాంటి ఎండాకాలపు పాదులకు సరిగ్గా అందుతుంది. అదే వారంలో రెండో విడత కోసం పేడ కుప్ప వేసి ఉండాలి, ఎందుకంటే అది మాగేసరికి మార్చి వస్తుంది, పాములు ఎక్కువై మేత కోసం చూస్తుంటాయి.